అప్ప రాస్తున్నది, తీరిగ్గా చదువుకో

పావనీ,

ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమేంటని నవ్వకు. నేను గాజువాకలో, నువ్వు ఆరిలోవ హాస్టల్లో. నాకు మార్నింగ్ డ్యూటీ పడితే నీకు నైట్ పడుతుంది, నేను ఫోన్ చేసేసరికి నువ్వు నిద్రలో ఉంటావు, నువ్వు లేచి చేసేసరికి నేను హ్యాండోవర్‌లో ఉంటాను.

ఎమ్మెస్సీ నర్సింగ్ ఎంట్రన్స్‌కి నువ్వు వేసుకుని పంపిన టైమ్‌టేబుల్ ఫోటో చూశాను. రంగు పెన్నులు బాగానే ఉన్నాయి కానీ అందులో నిద్ర ఎక్కడుందే? నైట్ దిగాక పొద్దున్న 9 నుంచి 1 వరకు మెడికల్ సర్జికల్ అని రాశావు. ఎంట్రన్స్ రాసిన ఏడాది నేనూ అదే వెలగబెట్టాను. వరసగా మూడో నైట్ దిగి, ఒంటిగంట దాకా చదివి, రెండు గంటలు కునుకు తీసి మళ్లీ డ్యూటీకి వెళ్లాను. ఆ రాత్రి షుగర్ పేషెంటుకి నార్మల్ సెలైన్ రాసి ఉంటే డెక్స్‌ట్రోజ్ బాటిల్ తగిలించాను. క్లాంప్ తెరవకముందే పక్క స్టాఫ్ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే తల్చుకుంటేనే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. పోనీ ఆ చదివిన చాప్టరన్నా గుర్తుందా అంటే, ఒక్క ముక్క లేదు.

అందుకే చెప్తున్నాను, నైట్ దిగిన పొద్దున్న పుస్తకం ముట్టకు. టిఫిన్ తిని, కిటికీకి దుప్పటి కట్టి పడుకో. సాయంత్రం లేచాక ఒక గంట చదివితే చాలు. గట్టి చదువంతా నైట్ ఆఫ్‌లకీ, ఈవినింగ్ డ్యూటీ పడే రోజుల పొద్దుటి పూటకీ పెట్టుకో. హాస్టల్లో గోలైతే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి కూర్చో. రోస్టర్ వెయ్యకముందే మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగి నైట్లన్నీ ఒకేసారి వేయించుకో, రెండు నైట్లు, ఒక మార్నింగ్, మళ్లీ నైట్ అంటే ఒళ్లు దేనికీ అలవాటు పడదు. పరీక్ష ముందు రాత్రి ఆఫ్ కూడా ఇప్పుడే చెప్పి ఉంచు. ఎవరితోనైనా డ్యూటీ మార్చుకుంటే మాత్రం వాళ్ల బాకీ తీర్చెయ్, లేకపోతే రెండోసారి ఎవరూ ఒప్పుకోరు.

ఉద్యోగం మానేసి చదువుతానన్నావని అమ్మ చెప్పింది. మానకు. ఎమ్మెస్సీ నర్సింగ్‌కి బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం అడుగుతారు, నీకింకా నాలుగు నెలలు తక్కువ. పైగా నీ వార్డే నీకు సగం పుస్తకం. రోజుకి ఒక్క కేసు పట్టుకో. డెంగ్యూ పేషెంట్ వచ్చాడనుకో, ప్లేట్‌లెట్లు, ఫ్లూయిడ్లు, ప్రమాద సూచనలు, ఆ ఒక్కటే ఆ రోజు చదువు. చిన్న నోటుబుక్కులో రాసుకో, పేషెంట్ పేరూ బెడ్ నంబరూ మాత్రం రాయొద్దు. డ్రిప్ లెక్క నీకు రోజూ చేసే పనే కదా: 500 మి.లీ. 4 గంటల్లో, 20 చుక్కల సెట్ అయితే, 500ని 20తో గుణించి 240తో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. చేత్తో చేస్తున్నప్పుడే ఒకసారి నోటితోనూ అనుకో, పరీక్షలో కాగితం వెతుక్కోవక్కర్లేదు.

కానీ ఒక చోట జాగ్రత్త. వార్డు అలవాటు వేరు, పేపర్లో జవాబు వేరు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టేవాళ్లని రోజూ చూస్తాం, ఆ ఆప్షన్ పెట్టావా మార్కు పోయినట్టే. ఇన్సులిన్ పెన్నులొచ్చాక రెండు రకాలు ఒకే సిరంజిలో కలపడం నీ చేతికి తగలకపోవచ్చు, కానీ అడుగుతారు. ముందు మబ్బుగా ఉండే ఎన్‌పీహెచ్ సీసాలోకి గాలి, తర్వాత రెగ్యులర్‌లోకి గాలి, తియ్యడం మాత్రం తేటగా ఉన్న రెగ్యులరే ముందు. నేను ఇదే తిరగేసి రాసొచ్చాను, బయటికొచ్చి పక్కమ్మాయిని అడిగాక తెలిసింది. అప్పటికి నా మొహం చూడాల్సింది.

ఇంకోటి, డ్యూటీలో రాత్రి 2 దాటాక వార్డు కాస్త సద్దుమణిగితే పుస్తకం తియ్యాలనిపిస్తుంది. అప్పుడు పెద్ద చాప్టర్లు పెట్టుకోకు, రౌండ్ వేసొచ్చి పది ప్రశ్నలు చూసుకో, చాలు. బెల్ మోగితే సగంలోనే వదిలెయ్. మందులు ఇచ్చే టైంలో మాత్రం ఫోన్ జేబులోంచి తియ్యనే వద్దు.

వచ్చే ఆదివారం నాకు ఆఫ్, నీకు శనివారం నైట్ అని రోస్టర్‌లో చూశాను. దిగి నేరుగా ఇక్కడికి వచ్చెయ్, స్కూటీ మీద కాదు, నిద్రకళ్లతో హైవే మీద వద్దు, బస్సెక్కు. వంజరం పులుసు పెడతాను. తిని పడుకో. సాయంత్రం లేచాక ఇద్దరం కలిసి ఆ టైమ్‌టేబుల్ మళ్లీ గీద్దాం, నీ రంగు పెన్నులు కూడా తీసుకురా.

మీ అప్ప