విషయం: కోల్డ్ స్టోరేజ్ పనులు – కాంట్రాక్టర్ ఇంగ్లీషు మెయిల్ సారాంశం (20 జనవరి, మంగళవారం)

సార్, నమస్కారం.

పుణె నుంచి కాంట్రాక్టర్ ప్రాజెక్ట్ మేనేజర్ నిన్న రాత్రి పంపిన మెయిల్ తొమ్మిది పేజీలుంది, నాలుగు అటాచ్‌మెంట్లు అదనం. మొదటి లైన్లోనే "ఆన్ ట్రాక్" అని రాశారు. ఆరో పేజీ దాకా చదివితే అలా లేదు. మీకు కావాల్సినవి మాత్రం కింద పెట్టాను. నా మాట ఉన్నచోట "నా అభిప్రాయం" అని రాశాను, మిగతాదంతా మెయిల్లోదే.

శుక్రవారం (23) సాయంత్రంలోగా మీరు చెప్పాల్సినవి

• అదనంగా 14 లక్షలు అడుగుతున్నారు. పైపు లైను దారి మార్చినందుకు 9.2 లక్షలు, పాడైన పఫ్ ప్యానెళ్లకు బదులు కొత్తవాటికి 4.8 లక్షలు.
• నా అభిప్రాయం: పైపు దారి మార్చమన్నది మనమే, కాబట్టి అది ఇవ్వక తప్పదు, రేటు మాత్రం బేరమాడొచ్చు. ప్యానెళ్లు వాళ్ల దగ్గర ఉండగానే వానకు తడిశాయి. అది మన లెక్కలోకి రాదు.
• మూడో వాయిదా 18.5 లక్షలు విడుదల చేయమంటున్నారు. కంప్రెసర్ ట్రయల్ అయిపోయిందని కారణం చెప్పారు. అగ్రిమెంట్‌లో 72 గంటల ట్రయల్ ఉంది. అటాచ్‌మెంట్‌లోని లాగ్ షీట్ చూస్తే 48 గంటలే నడిపారు. మిగతా 24 గంటలు నడిపాకే ఇద్దామని నా అభిప్రాయం.

ఆలస్యం

• రెండో కండెన్సర్ ఈ నెల 12న రావాలి. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి 29న బయల్దేరుతుందట. మెయిల్లో దీన్ని "మైనర్ స్లిప్పేజ్" అన్నారు. 17 రోజులు, సార్.
• లారీ ప్రయాణం నాలుగు రోజులు, పైపింగ్, ప్రెషర్ టెస్ట్, వాక్యూమ్ కలిపి ఎనిమిది రోజులు, ఆ తర్వాత అమ్మోనియా నింపడం. మొత్తం పని ఫిబ్రవరి 14కి పూర్తవుతుందంటున్నారు. మొదట అనుకున్నది జనవరి 28.
• అప్పటిదాకా ఒక్క కండెన్సర్‌తో "కొంత మేర నడపొచ్చు" అన్నారు, ఎన్ని ఛాంబర్లో రాయలేదు. పొద్దున ఫోన్ చేసి అడిగాను. రెండు ఛాంబర్లకు గ్యారంటీ, మూడోది నడపగలమో లేదో చెప్పలేమన్నారు.
• నా అభిప్రాయం: ఫిబ్రవరి 15 వరకు మన దగ్గర బుక్ అయినవి 18,000 టిక్కీలే. ఒక్కో ఛాంబర్‌లో 20,000 పడతాయి కాబట్టి అప్పటిదాకా రెండు సరిపోతాయి. మార్చిలో యార్డు నుంచి లోడు ఊపందుకుంటే మాత్రం నాలుగూ కావాల్సిందే. అందుకే 14 అన్న తేదీని రాతపూర్వకంగా తీసుకుందాం, దాటితే పెనాల్టీ క్లాజు వర్తిస్తుందని గుర్తుచేస్తూ.

మెయిల్ చివర్లో ఒక్క లైనుగా వదిలేసిన విషయం

• శనివారం రాత్రి ఇంజిన్ రూములో ఒక వాల్వ్ గ్లాండ్ దగ్గర అమ్మోనియా కొద్దిగా లీకయింది. గ్లాండ్ బిగించారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇది "ఇతర గమనికలు" కింద, పెయింట్ షేడ్ గురించి రాసిన లైను తర్వాత ఉంది!
• లీక్ డిటెక్టర్లు ఆరు పెట్టాలి, నాలుగే పెట్టారు. మిగతా రెండూ నాలుగో ఛాంబర్ వైపువి.
• నా అభిప్రాయం: డిటెక్టర్లు ఆరూ పనిచేసేదాకా అమ్మోనియా నింపనివ్వొద్దు. లీకు గురించి విడిగా రిపోర్టు ఇమ్మని ఈ రోజే అడుగుతాను, మీరు వద్దంటే ఆపుతాను. రేపు ఇన్సూరెన్స్ వాళ్లు అడిగితే కాగితం ఉండాలి.

మన వైపు పెండింగ్

• అదనపు కరెంటు లోడుకు డిమాండ్ నోటీసు డబ్బు కట్టేశాం. తనిఖీ తేదీ రాలేదు. ఒక అటెస్టెడ్ కాపీ మనం వారం ఆలస్యంగా ఇచ్చాం, ఆ తప్పు నాదే. రేపు స్వయంగా వెళ్లి కనుక్కుంటాను.

బాగున్నవి

• 1, 2 ఛాంబర్లు రెడీ, 5–6 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నాయి. మూడోది టెస్టింగ్‌లో ఉంది. నాలుగోదానికి ప్యానెళ్లు బిగించాలి.
• మొత్తం 1.86 కోట్లలో ఇప్పటిదాకా మనం ఇచ్చింది 1.21 కోట్లు. ఈ లెక్క మన లెడ్జర్‌తో సరిపోయింది.

ఫొటోలు, పాత మీటింగ్ మినిట్స్, వానల గురించిన వివరణ వదిలేశాను. శనివారం 11 గంటలకు వాళ్లతో కాల్ ఉంది. పై మూడు విషయాల్లో మీ మాట తెలిస్తే జవాబు ఇంగ్లీషులో నేనే తయారుచేసి మీకు చూపించాకే పంపుతాను. "సరే" లేదా "వద్దు" అని వాట్సాప్‌లో పెట్టినా చాలు.

– సైట్ ఇన్‌ఛార్జ్, గుంటూరు