మగవాళ్ల ఫార్మల్ షర్టులు: తెలుపు రెగ్యులర్ ఫిట్ సైజులు 38 నుంచి 44, లేత నీలం స్లిమ్ ఫిట్ సైజులు 38 నుంచి 42

తెల్ల షర్టు, ఫుల్ హ్యాండ్స్, రెగ్యులర్ ఫిట్. ధర రూ. 1,290

నూరు శాతం కాటన్, పాప్లిన్ నేత. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతల చెయ్యి మసగ్గా కనిపిస్తుంది, కాబట్టి లోపల బనియను వేసుకోవాల్సిందే. కాలర్ కొద్దిగా గట్టిది, టై కట్టినా కట్టకపోయినా నిలబడుతుంది. ఎడమవైపు ఒక జేబు. కఫ్‌కి రెండు గుండీలున్నాయి. వాచీ పెట్టుకునేవాళ్లు చివరి గుండీ పెట్టుకుంటే వాచీ కఫ్ కింద ఇరుక్కోదు.

ముందు ఒక మాట. లేబుల్ మీద కనిపించే 40 అంటే కాలర్ 40 సెంటీమీటర్లు. చాలామంది దాన్ని ఛాతీ అంగుళాలు అనుకుంటారు. మామూలు ఒళ్లున్న వాళ్లకి రెండూ దాదాపు ఒకటే అవుతాయి గనుక ఇబ్బంది రాదు. మెడ సన్నగా ఉండి ఛాతీ వెడల్పైన వాళ్లకే చిక్కు. అందుకే కింద అన్నీ విడివిడిగా ఇచ్చాం. ఇవి షర్టు కొలతలు, ఒంటి కొలతలు కావు. కాలర్ సెంటీమీటర్లలో, మిగతావి అంగుళాల్లో.

38: కాలర్ 38, చెస్ట్ చుట్టూ 41½, షోల్డర్ 17¾, చెయ్యి 24½, పొడవు 29
40: కాలర్ 40, చెస్ట్ 44, షోల్డర్ 18¼, చెయ్యి 25, పొడవు 30
42: కాలర్ 42, చెస్ట్ 46½, షోల్డర్ 19, చెయ్యి 25½, పొడవు 30½
44: కాలర్ 44, చెస్ట్ 49, షోల్డర్ 19¾, చెయ్యి 26, పొడవు 31

కాలర్‌ని గుండీ మధ్య నుంచి కాజా చివరి దాకా కొలిచాం. చెస్ట్‌ని, గుండీలన్నీ పెట్టి షర్టుని టేబుల్ మీద పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టుకి కొలిచి రెండింతలు చేశాం. చేతి పొడవు భుజం కుట్టు నుంచి కఫ్ అంచు దాకా. మీ దగ్గర బాగా కుదిరిన షర్టు ఉంటే ఇలాగే కొలిచి పోల్చుకోండి. ఒంటి మీద టేపు పెట్టుకుని కొలుచుకోవడం కన్నా అదే నయం.

వేసుకుంటే ఎలా ఉంటుందంటే: 40 సైజుని మా బావగారు మూడు రోజులు ఆఫీసుకి వేసుకెళ్లారు. ఆయన ఛాతీ 40 అంగుళాలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, కాస్త పొట్ట ఉంది. పై గుండీ పెట్టాక మెడ దగ్గర రెండు వేళ్లు దూరాయి. బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు వీపు మీద లాగలేదు, వీపు పైన భుజాల మధ్య ఉండే యోక్ పట్టీ కింద ప్లీట్ ఉంది. కుర్చీలో కూర్చున్నా పొట్ట దగ్గర గుండీల మధ్య సందు రాలేదు. ఆయన పెట్టిన వంక ఒక్కటే: టక్ చేస్తే నడుము పక్కన బట్ట ఉబ్బెత్తుగా కనిపిస్తోందని. నిజమే, రెగ్యులర్ ఫిట్‌లో ఆ వదులు ఉంటుంది.

మొదటి ఉతుకులో 40 సైజు కాలర్ అర సెంటీమీటరు, చెయ్యి పావు అంగుళం తగ్గాయి. కొత్తలో మెడ దగ్గర సరిగ్గా సరిపోయిందంటే పై సైజుకి వెళ్లండి. కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే ముడతలు సులువుగా పోతాయి. గంజి పెట్టొచ్చు, కాలర్‌కి మాత్రం అక్కర్లేదు.

లేత నీలం షర్టు, ఫుల్ హ్యాండ్స్, స్లిమ్ ఫిట్. ధర రూ. 1,390

ఇది ట్విల్ నేత, దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. తెల్లదానికన్నా మెత్తగా, కొంచెం బరువుగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ లేని చోట ఉక్కపోస్తుంది, దాచడం ఎందుకు. జేబు లేదు. నడుము దగ్గర ఒంటికి పట్టేలా వీపున రెండు డార్ట్స్, అంటే కుట్టిన మడతలు, ఉన్నాయి.

38: కాలర్ 38, చెస్ట్ 40, నడుము 37, షోల్డర్ 17¼, చెయ్యి 24½, పొడవు 28½
40: కాలర్ 40, చెస్ట్ 42, నడుము 39, షోల్డర్ 17¾, చెయ్యి 25, పొడవు 29½
42: కాలర్ 42, చెస్ట్ 44½, నడుము 41½, షోల్డర్ 18½, చెయ్యి 25½, పొడవు 30

సన్నగా ఉన్నవాళ్లకి ఒంటికి అతికినట్టు, నీటుగా ఉంటుంది. ఛాతీ 40 ఉన్న మనిషికి 40 సైజులో రెండు అంగుళాలే వదులు. నిలబడితే బాగుంటుంది. చెయ్యి పైకెత్తి బస్సులో రాడ్ పట్టుకుంటే మాత్రం చంక దగ్గర పట్టేసి, టక్ పైకొస్తుంది. మా బావగారికి ఇది 42 వేసి చూశాం. పొట్ట దగ్గర సరిపోయింది గానీ కాలర్ వదులైపోయింది. పొట్ట ఉన్నవాళ్లు తెల్లదే తీసుకోండి.

ఫొటోలో రంగు అసలుదానికన్నా ఒక పిసరు ముదురుగా వచ్చింది. ఉతక్కుండా, లేబుల్ తీయకుండా ఉంటే 7 రోజుల్లో సైజు మార్చి ఇస్తాం, తిరుగు పార్సిల్ ఖర్చు మీది. చేతులు పొడవైతే కఫ్ విప్పి కురచ చేసి పంపగలం, దానికి రూ. 80, రెండు రోజులు ఎక్కువ పడుతుంది. అలా మార్చినది వాపసు తీసుకోం. తెలుపు 44 సైజులో ప్రస్తుతం నాలుగే ఉన్నాయి.