గురుగ్రహం లైవ్: ముందు పెట్టిన వివరాలు, రీప్లేకి మార్చినవి

లైవ్‌కి ముందు

టైటిల్: శనివారం రాత్రి 8కి లైవ్: టెలిస్కోప్‌లో గురుగ్రహం

వివరణ: ఇంకా మొదలవలేదు, నోటిఫికేషన్ ఆన్ చేసి ఉంచండి. 1610లో గెలీలియో చూసిన గురుగ్రహ చందమామలు అయో, యూరోపా, గనీమీడ్, కలిస్టోలను మనమూ చూద్దాం. మబ్బు పడితే ఆదివారానికి మారుస్తాను, లింక్ ఇదే. ప్రశ్నలుంటే ఇప్పుడే చాట్‌లో పెట్టేయండి, పిల్లలవైతే ముందు చదువుతాను.

లైవ్ అయ్యాక

టైటిల్: గురుగ్రహం వెనక నుంచి యూరోపా బయటికొచ్చిన క్షణం | టెలిస్కోప్ వీడియో

వివరణ: ఇది శనివారం లైవ్ రికార్డింగ్. మొదట్లో ఖాళీగా నడిచిన 11 నిమిషాలు తీసేశాను, అందుకే చాట్ రీప్లే కనిపించదు. 24వ నిమిషంలో అంచు దగ్గర చిన్న చుక్క మెరుస్తుంది, అదే యూరోపా, దాన్ని మాత్రం పెద్ద స్క్రీన్‌లో చూడండి, ఫోన్‌లో అస్సలు ఆనదు.

0:00 టెలిస్కోప్ సెట్టింగ్
6:40 మేఘాల పట్టీలు
24:15 యూరోపా
38:05 మీ ప్రశ్నలు