చెయ్యి పట్టేంత చోటు

(ఎం.ఆర్క్., కట్టడాల సంరక్షణ కోర్సులో ప్రవేశానికి, పోర్ట్‌ఫోలియోతో పాటు సమర్పిస్తున్న ఆశయ పత్రం)

నా పోర్ట్‌ఫోలియోలో 4వ పేజీ చూసిన వారంతా ఒకే ప్రశ్న అడిగారు. ఆ పైకప్పు పటంలో 23 టేకు దూలాలు గీశాను. 22 దూలాలకు పొడవు, మందం, గోడలోకి ఎంత దిగాయో రాసి ఉంది. 17వ దూలం పక్కన ఏమీ లేదు. నేను టేపు తీసుకుని అక్కడికి వచ్చేలోపే మేస్త్రి దాన్ని రెండు ముక్కలుగా కోసి కిందికి దించేశారు. తరువాత ఆ పటాన్ని ఎన్నిసార్లు శుభ్రంగా గీసినా ఆ ఖాళీని పూరించలేదు. అటూ ఇటూ ఉన్న దూలాలను చూసి ఒక అంకె వేసి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. కానీ ఈ కోర్సుకు రావాలన్న కోరిక నాకు పుట్టింది ఆ ఖాళీ దగ్గరే. పోర్ట్‌ఫోలియో చెప్పలేని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. మాతృభాషలో రాయవచ్చని మీరు అనుమతించారు కాబట్టి, నేను దాన్ని నేర్చుకున్న భాషలోనే రాస్తున్నాను.

ఆ ఇల్లు చెన్నై జార్జిటౌన్‌లో, మింట్ వీధి నుంచి చీలే ఒక సందులో ఉండేది. మా తాతగారు నెల్లూరు నుంచి వచ్చి మిరపకాయల కొట్టులో గుమాస్తాగా చేరినప్పుడు అందులో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. నేను పుట్టి పెరిగిందీ, బి.ఆర్క్. చదివిందీ అక్కడే. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ ఆరు వాటాలు, అందరికీ ఒకటే కుళాయి. పైన మద్రాస్ టెర్రస్. మా నాయనమ్మకు అది మిద్దె, అంతే. మా నెత్తి మీద ఉన్నదానికి పుస్తకాల్లో వేరే పేరు ఉందని రెండో ఏడాది తరగతిలో విని, ఆ సాయంత్రం ఇంటికి రాగానే తలెత్తి చూడటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

2020 నవంబరులో నివర్ తుపాను వానలకు ఆ మిద్దె కారింది. 17వ దూలం గోడలోకి దిగిన చోట పుచ్చిపోయింది. దాని మీది ఇటుకల వరస బొటనవేలి మందం కిందికి జారింది. కోవిడ్ కారణంగా తరగతులన్నీ ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. ఇంటి యజమాని ఒక ముసలి మేస్త్రిగారిని పిలిపించారు. ఆయనదీ నెల్లూరు వైపే. నాకు పైకప్పు అంటే ఒక పలక. నాలుగేళ్లు చదివిన నాకు, అది చెడితే మొత్తం తీసేయడం తప్ప మరో దారి తోచలేదు.

ఆయన మూడు రోజుల్లో ఒక్క దూలాన్ని మార్చారు. మిగిలిన 22 కదలలేదు. దూలాల మధ్య దూరం అడుగున్నర. వాటి మీద పలచని ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి సున్నంతో బిగిస్తారు. దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కర్రలతో కొడతారు. అన్నిటికన్నా పైన పలక పెంకులు. ఇదంతా నాకు పాఠంగా తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఏటవాలుగా పేర్చిన ఆ ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి, కింద ఒక పలక ఆనించి నాలుగు ఊతకర్రలు నిలబెడితే, మధ్యలో దూలం లేకుండా కూడా అవి కాసేపు ఓర్చుకుంటాయి. ఆ కాసేపట్లోనే పని జరగాలి. పాత దూలాన్ని మధ్యకు కోసి తీశారు. ఒక వైపు గోడలో రంధ్రాన్ని మరికాస్త లోతు చేశారు. కొత్త దూలాన్ని అందులోకి పూర్తిగా తోసి, రెండో కొసను ఎదురు గోడ ముందుకు తెచ్చి, వెనక్కి లాగి ఆ ఎదురు గోడ రంధ్రంలో కూర్చోబెట్టారు. మిగిలిన సందుల్లో టేకు చీలలు కొట్టి సున్నం పూశారు. నాయనమ్మ ఆ గది రెండో కొసన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూనే ఉంది.

నేను పుస్తకం పట్టుకుని కొలతలు రాసుకుంటుంటే ఆయన అన్నారు: “కొలతలు రాసుకో అమ్మా, మంచిదే. దానితో పాటు చెయ్యి ఎక్కడ పడుతుందో కూడా రాసుకో. చెయ్యి పట్టని చోట పని జరగదు.”

ఆ గోడ రంధ్రంలో నేను చెయ్యి పెట్టి చూశాను. మోచేతి దాకా వెళ్లింది. లోపల చల్లగా, పొడిగా ఉంది. ఆ దూలాన్ని ఎన్నడో ఒకనాడు ఎవరో మార్చవలసి వస్తుందని తెలిసిన మనిషి ఆ గోడను కట్టాడని నాకప్పుడు అర్థమైంది. ఆ మనిషి వేసిన పటం నాకు దొరకదు, పేరూ దొరకదు. 4వ పేజీలో ఆ గోడ రంధ్రాలను అంత పెద్దగా, దూలాల కన్నా నల్లని గీతలతో గీసింది అందుకే.

2022లో ఆ ఇల్లు అమ్ముడుపోయింది, పడగొట్టారు. నేను దాని కోసం కన్నీళ్లు పెట్టుకున్నాను. కానీ ఈ దరఖాస్తు ఆ దుఃఖంతో రాస్తున్నది కాదు. ఆరు వాటాలకు ఒక కుళాయి ఉన్న ఇంటిని అలాగే నిలబెట్టమని అడిగే హక్కు, ఆ కుళాయి దగ్గర వరసలో నిలబడిన వారికి తప్ప ఎవరికీ లేదు. వారిలో మా అమ్మ ఉంది, ఆమె పెరంబూరులో అపార్ట్‌మెంటుకు సంతోషంగా మారింది.

నా బాధ వేరు. ఇప్పుడు మేమున్న ఇంటి పైకప్పు కాంక్రీటు. పడకగది మూలలో పెచ్చు ఊడి ఇనుప చువ్వ కనిపిస్తోంది. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కాంక్రీటులోకి దిగి చువ్వకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పెచ్చు రాలేదాకా బయటికి ఏమీ కనిపించదు. పుచ్చిన దూలాన్ని తట్టి చూస్తే చప్పుడే చెబుతుంది. ఈ పలకలో ఏ చువ్వనూ విడిగా తీసి మార్చలేము. నా తరం వాళ్లం గీసే ఇళ్లన్నీ ఇలాంటివే. అవి చెడినప్పుడు ఎవరు, ఎక్కడ నిలబడి, ఏ చేత్తో బాగు చేస్తారో మా పటాల్లో ఎక్కడా ఉండదు.

11వ పేజీ ఆ కోపంతో పెట్టినదే. అది నా మూడో ఏడాది గ్రంథాలయం. ఆ ఏడాది తరగతిలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి. అప్పటి రంగుల చిత్రాలు ఆరున్నాయి, ఒక్కటీ పెట్టలేదు. బదులుగా, రెండు కప్పులు కలిసే చోట నేను గర్వంగా దాచిన నీటి కాలువకు గత ఏడాది కొత్తగా ఒక సెక్షన్ గీశాను. అందులో ఒక మనిషి బొమ్మ ఉంది. కాలువలోకి అతని భుజం పట్టదు. చుట్టూ నిద్రగన్నేరు చెట్లున్న స్థలం అది. ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరులో మొదలయ్యేసరికి ఆ కాలువ ఆకులతో నిండిపోతుంది, తీసే దారి లేదు. ఆ పేజీ తీసేయమని శ్రేయోభిలాషులు చెప్పారు. అది లేకపోతే మిగిలిన పేజీలకు అర్థం లేదని నా నమ్మకం.

16వ పేజీలోని అపార్ట్‌మెంటు గురించి ఒక్క మాట చాలు. పటంలో పైపుల డక్టు రెండున్నర అడుగుల వెడల్పు ఉంది. నేను మొదట గీసింది అడుగున్నర. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తరువాత, మా ఆఫీసు అంతకుముందు కట్టిన ఒక భవనంలో అలాంటి డక్టులోకి ప్లంబరు తాడు కట్టుకుని దిగడం చూశాను. రెంచి తిప్పడానికి మోచెయ్యి ఆడక, అతను గోడకు వీపు రాసుకుంటూ పనిచేశాడు. పైకి వచ్చాక అతని చొక్కా వెనుక భాగం చిరిగి ఉంది. మర్నాడు పడకగది నుంచి ఒక అడుగు తీసుకుని డక్టు వెడల్పు చేశాను. యజమానిని ఒప్పించడానికి నాలుగు సమావేశాలు పట్టాయి. నా మూడేళ్ల ఉద్యోగంలో నేను పూర్తిగా నాదని చెప్పుకోగలిగిన నిర్ణయం ఆ ఒక్క అడుగే.

ఇంత ఉన్నా, నాకు తెలియనిది చాలా ఎక్కువ. మద్రాస్ టెర్రస్‌కు ఐఎస్ 2119 పేరుతో భారత ప్రమాణమే ఉంది. కాగితం మీద ఆ పద్ధతి చక్కగా బతికి ఉంది. కానీ పాత దూలం ఇంకా ఎంత బరువు మోయగలదో లెక్క కట్టి సంతకం పెట్టే ఇంజనీరు నాకు దొరకలేదు. సంతకం లేకపోతే యజమానికి ధైర్యం రాదు, ధైర్యం రాకపోతే పడగొట్టడమే మిగులుతుంది. 2012 జనవరిలో చేపాక్ ప్యాలెస్‌లోని ఖలస్ మహల్ అగ్నిప్రమాదంలో దెబ్బతింటే ప్రజాపనుల శాఖ దాన్ని తిరిగి నిలబెట్టింది. నవాబుల మహల్‌కు దొరికిన ఆ శ్రద్ధ, సందులో ఆరు వాటాల ఇంటికి అందేంత చవకగా, మామూలుగా మారాలంటే ఏం కావాలి? మీ దగ్గర రెండేళ్లు నేను పని చేయదలచింది ఈ ప్రశ్న మీదనే. కలప బలాన్ని పగలగొట్టకుండా పరీక్షించడం నేర్చుకోవాలి. కరక్కాయ నీళ్లు సున్నానికి ఏం చేస్తాయో మీ ప్రయోగశాలలో నా చేతులతో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మరమ్మతును గీయడానికి ఒక పద్ధతి కావాలి. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూపడానికి మనకు ఒక గీత ఉంది. దూలం ఎటు నుంచి బయటికి వస్తుందో చూపే గీత లేదు. 19, 20 పేజీల్లో అలాంటి గీతలు కొన్ని ప్రయత్నించాను. అవి ఇంకా తడబడుతున్నాయి. నా తోటి ఆర్కిటెక్టులకు అర్థమయ్యాయి, మేస్త్రిగారికి కాలేదు. ఆయనకు అర్థమయ్యేదాకా అవి పూర్తయినట్టు కాదు.

మద్రాస్ టెర్రస్‌ను కొత్త అపార్ట్‌మెంట్ల మీదికి తేవాలని నేను అడగడం లేదు. అంత టేకు లేదు, రోజుల తరబడి మిద్దె కొట్టే మనుషులూ లేరు. దాని లోపలి మర్యాద ఒకటుంది. తరువాత వచ్చే పనివాడి చేతికి చోటు వదలడం. అది కాంక్రీటులో ఎలా సాధ్యమో వెతకాలి.

ఇంటర్వ్యూకు పిలిస్తే 4వ పేజీ అసలు కాగితాలు తెస్తాను. స్కానింగులో కొంత పోయింది. 17వ దూలం ఉండవలసిన చోట మేస్త్రిగారు నా పెన్సిలు తీసుకుని, కొత్త దూలం ఎటు నుంచి లోపలికి వెళ్లిందో ఒక బాణం గుర్తు వేశారు. సున్నం అంటిన వేళ్లతో వేసినది కాబట్టి స్కానర్‌కు తెల్లమరకగా కనిపించి చెరిగిపోయింది. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే బాగానే కనిపిస్తుంది.