పన్నెండో రోజు పాఠం: కూలి లెక్క రాసుకోవడం

ఎవరికి: మిరప కోతకు వెళ్లే 14 మంది ఆడవాళ్లు, 28 నుంచి 60 ఏళ్ల వరకు
వేళ: రాత్రి 7:45 నుంచి 8:45
చోటు: ఊరి ప్రాథమిక పాఠశాల గది

ఇప్పటికి వచ్చినవి క, ల, ర, మ, ప, న, త, ట, సున్న. గుణింతంలో దీర్ఘం, గుడి, కొమ్ము. ఈ రాత్రికి కొత్తది కొమ్ముదీర్ఘం ఒక్కటే. పొద్దంతా వంగి కోసి వచ్చినవాళ్లకు రెండో గుర్తు ఎక్కదు. లేచి వెళ్లేలోగా ప్రతి ఒక్కరూ తమ వారం కూలి సొంత పుస్తకంలో రాసుకోవాలి.

సిద్ధం చేసుకోవాల్సినవి: పలకలు, బలపాలు, గళ్ల నోటుపుస్తకాలు, ఛార్జింగ్ లైటు, కొబ్బరినూనె, సబ్బు. మిరప ఘాటు ఉత్త నీళ్లకు వదలదు. ముందు నూనె రుద్దించి, తర్వాత సబ్బుతో కడిగించాలి. లేకపోతే నిద్రమత్తులో అదే చేత్తో కళ్లు నులుముకుంటారు.

7:45. వంట ముగించుకుని వచ్చేవాళ్లు ఇంకా దారిలోనే ఉంటారు, కొత్తది మొదలుపెట్టవద్దు. "ఈ వారం ఎన్ని రోజులు వెళ్లారక్కా?" అని అడిగి, వాళ్లు చెప్పిన అంకెను బోర్డు మీద వేయాలి.

7:55. బోర్డు మీద "కూలి" అని అరచేయంత అక్షరాలతో రాయాలి. నలభై దాటినవాళ్లలో చాలామందికి దగ్గరి చూపు ఆనదు. పలకను చేయి చాచి దూరంగా పట్టుకుంటున్నారంటే కారణం అదే, మొద్దుతనం కాదు. కు, కూ పక్కపక్కన రాసి, పలికినంత సేపూ వేలిని గుర్తు వెంట నడిపించాలి. తర్వాత కూర, మూట, నూరు, తూకం, పూట.

"పూట" దగ్గర తప్పకుండా తడబడతారు. ప, వలకు కొమ్ము కింద నుంచి తిరుగుతుంది. మిగతా అక్షరాలకు వేసినట్టు పక్కన తగిలిస్తే చూడడానికి వేరే అక్షరం అయిపోతుంది. చెయ్యి పట్టి రెండుసార్లు దిద్దించాలి, అదీ ఆమె పక్కన కూర్చుని. అందరి ముందు బోర్డు దగ్గరికి పిలిస్తే రేపు రాదు.

8:15. రోజుకు 300 చొప్పున నాలుగు రోజులు, ఇంకొక పూటకు 150. మొత్తం ఎంతో నోటితో వెంటనే చెప్పేస్తారు. చిక్కంతా రాయడంలోనే. వెయ్యి, మూడొందలు, యాభై అని విన్నది విన్నట్టే 100030050 అని వేస్తారు. వేలు, వందలు, పదులు, ఒకట్లు అని నాలుగు గళ్లు గీసి, గడికొక అంకె చొప్పున వేయించాలి: 1, 3, 5, 0. చివరి సున్నా ఎందుకని అడిగితే, 135 కూలి చేతిలో పెడితే ఒప్పుకుంటారా అని అడగాలి.

8:30. సొంత పుస్తకంలో:

కూలి 4 1200
పూట 1 150
1350

ఇవి నమూనా అంకెలు. ఎవరి లెక్క వాళ్లది. ఇంటికి రాతపని ఇవ్వవద్దు. రానివాళ్ల పేర్లు రాసుకుని, రేపటి మొదటి పది నిమిషాలు "కూలి" మీదే ఉంచాలి.