మంచం పట్టిన అమ్మను రాత్రిపూట చూసుకోవడానికి మహిళా అటెండెంట్ కావలెను – నయీంనగర్, హనుమకొండ

నమస్కారం.

హనుమకొండ నయీంనగర్‌లోని మా ఇంట్లో మంచం పట్టిన మా అమ్మను రాత్రి వేళల్లో చూసుకోవడానికి, ఇటువంటి పనిలో కనీసం రెండేళ్ల అనుభవం ఉన్న మహిళా అటెండెంట్ కావాలి. అమ్మ వయసు 76 సంవత్సరాలు. పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట స్పష్టంగా రాదు కానీ మనం చెప్పేదంతా అర్థమవుతుంది, మనుషులను గుర్తుపడుతుంది. షుగర్, బీపీ ఉన్నాయి. మూత్రానికి పైపు వేసి ఉంది. పగటిపూట మరొక ఆయమ్మ వస్తుంది కాబట్టి స్నానం, బట్టలు ఉతకడం, వంట వంటి పనులు మీకు ఉండవు. ఇంటి పని కూడా ఎవరూ చెప్పరు.

డ్యూటీ రాత్రి 8:30 నుంచి ఉదయం 6:30 వరకు. మొదటి పావుగంట పగటి ఆయమ్మ దగ్గర వివరాలు తెలుసుకోవడానికి, చివరి పావుగంట ఆమెకు వివరాలు చెప్పడానికి పోతుంది కనుక ఈ రెండు సమయాలు తప్పకుండా పాటించాలి. ఆలస్యమయ్యేటట్లుంటే ముందుగా ఫోన్ చేస్తే చాలు, ఆ మాటకు ఇంట్లో ఎవరూ కోపగించుకోరు.

పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది పక్క మార్చడం. అమ్మ ఎయిర్ బెడ్ మీదనే ఉంటుంది, అయినా రెండు గంటలకొకసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి తిప్పి, వీపు వెనుక, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా చూడాలి. కుడి వైపు ఎక్కువసేపు ఉంచరాదు. తిప్పేటప్పుడు పడిపోయిన కుడి చేయిని పట్టి లాగరాదు. అలా లాగితే భుజం జాయింటు దెబ్బతింటుంది, ఆ నొప్పిని అమ్మ మాటల్లో చెప్పుకోలేదు. భుజం కింద ఒక చేయి, తుంటి కింద ఒక చేయి పెట్టి, కింద పరిచిన దుప్పటి సాయంతో మెల్లగా తిప్పాలి. ఎడమ తుంటి మీద ఇప్పటికే రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ ఉంది. దానిని రుద్దడం, మర్దన చేయడం మంచిది కాదు. ఎడమకు తిప్పినప్పుడు కూడా ఆ భాగం మీద నేరుగా బరువు పడకుండా చూస్తూ, మచ్చ పెరిగినా, చర్మం లేచినా వెంటనే మాకు చూపాలి.

డైపర్ తడిసిన వెంటనే మార్చి, ముందు నుంచి వెనుకకు తుడిచి, చర్మం ఆరిన తర్వాతే క్రీము రాయాలి. తెల్లవారే వరకు ఆగుదాం అనుకోవడం ఈ పనిలో కుదరదు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ మంచం కంటే కిందనే వేలాడాలి, నేలకు ఆనరాదు, పైపు మెలిపడరాదు. ఉదయం బ్యాగ్ ఖాళీ చేసి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో మంచం పక్కనున్న నోట్‌బుక్‌లో రాయాలి. మూత్రం బాగా తగ్గినా, ఎర్రగా వచ్చినా, జ్వరం అనిపించినా పొద్దు పొడిచే దాకా చూడకుండా నన్ను లేపాలి.

నీళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. అమ్మకు మింగడం సరిగ్గా రాదు. దాహమని సైగ చేస్తే జాలిపడి, పడుకోబెట్టే రెండు చెంచాల నీళ్లు నోట్లో పోయడం మనవాళ్లకు అలవాటు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మంచం తలభాగం బాగా పైకి లేపి, డాక్టరు చెప్పిన పొడి కలిపి చిక్కగా చేసిన నీళ్లను మాత్రమే చెంచాతో ఇచ్చి, మింగిందని చూసుకున్నాకే మరొకటి ఇవ్వాలి. తర్వాత అరగంట తలభాగం దించరాదు. అమ్మ మగతలో ఉంటే నోటి ద్వారా ఏదీ ఇవ్వవద్దు.

మందులు, ఇన్సులిన్ మా బాధ్యత, వాటిని మీరు ముట్టుకోనవసరం లేదు. అయితే అమ్మకు చెమటలు పట్టినా, వణుకు వచ్చినా, పలకరిస్తే పలకకపోయినా షుగర్ మిషన్‌తో పరీక్షించి, 70 కంటే తక్కువ ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా మమ్మల్ని పిలవాలి. నేను, నా భార్య పక్క గదిలోనే ఉంటాము. ఊపిరి ఆడకపోవడం, మూతి కొత్తగా వంకరపోవడం వంటివి కనిపిస్తే ముందు మమ్మల్ని లేపి, ఆ వెంటనే 108కి ఫోన్ చేయవచ్చు. అమ్మకు ఏదైనా కావాలంటే ఎడమ చేత్తో మంచం కడ్డీ మీద స్టీలు గ్లాసుతో కొడుతుంది. ఒకసారి కొడితే దాహం, ఆపకుండా కొడుతూ ఉంటే డైపర్ అని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

పది గంటలు కన్ను మూయకూడదని నేను చెప్పను, అది ఎవరి వల్లా కాదు. అదే గదిలో మీకు వేరే మంచం ఉంది. పక్క మార్చిన తర్వాత అలారం పెట్టుకుని నడుము వాల్చవచ్చు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. గదిలో అమ్మ మంచం వైపు ఒక కెమెరా ఉంది. మీ మంచం అందులో పడదు, బట్టలు మార్చుకోవడానికి బాత్‌రూము వేరుగా ఉంది.

జీతం నెలకు 18,000 రూపాయలు, రానుపోను ఆటో ఖర్చులకు మరో 1,500 రూపాయలు. ప్రతి నెల 1వ తేదీన బ్యాంకు ఖాతాలో గానీ ఫోన్‌పేలో గానీ వేస్తాము. రాత్రి భోజనం, ఉదయం చాయ్ మా ఇంట్లోనే. నెలకు నాలుగు రాత్రులు సెలవు, వాటికి కోత లేదు. అంతకు మించితే రాత్రికి 600 రూపాయల చొప్పున తగ్గుతుంది, సెలవు వాడుకోకుండా వస్తే అంతే మొత్తం అదనంగా ఇస్తాము. సద్దుల బతుకమ్మ, దసరాకు సెలవు కావాలంటే వారం ముందు చెప్పండి. అమ్మ ఆసుపత్రిలో చేరితే అక్కడ డ్యూటీ చేసిన ప్రతి రాత్రికి 200 రూపాయలు ఎక్కువ. అమ్మకు ఏమైనా జరిగి పని మధ్యలో ఆగిపోయినా ఆ నెల జీతం పూర్తిగా ఇస్తాము. పని మానేయాలనుకుంటే మీరు పదిహేను రోజుల ముందు చెప్పాలి, మేము వద్దనుకున్నా అంతే గడువు ఇస్తాము.

ఇంతకు ముందు మీరు పనిచేసిన ఇళ్లలో రెండింటి ఫోన్ నంబర్లు ఇవ్వాలి. వాటిలో ఒకటి గత ఏడాదిలోపు పనిచేసినదై ఉండాలి. చేతిరాత ఉత్తరాలు, ఏజెన్సీ ఇచ్చిన కాగితం మాత్రమే సరిపోవు, ఎందుకంటే అవి ఎవరైనా రాసి ఇవ్వగలరు. ఆ కుటుంబాలతో నేనే మాట్లాడి, ఎంత కాలం చేశారు, రోగి పరిస్థితి ఏమిటి, రాత్రి పిలిస్తే లేచేవారా, ఎందుకు మానేశారు, మళ్లీ పెట్టుకుంటారా అని అడుగుతాను. మీరు చూసుకున్న పెద్దవారు కాలం చేసి ఉంటే దానిని మీ తప్పుగా చూడము, సంకోచం లేకుండా ఆ ఇంటి నంబరు ఇవ్వండి. ఇప్పుడు పనిచేస్తున్న ఇంటికి మీకు తెలియకుండా ఫోన్ చేయము.

ఆధార్ నకలు, రెండు ఫొటోలు, ఇప్పుడుంటున్న ఇంటి చిరునామా తీసుకుని మా ప్రాంతపు పోలీస్ స్టేషన్‌లో పరిశీలనకు ఇస్తాము. నకలు మీద ఏ పని కోసం ఇచ్చారో మీరే రాసి సంతకం చేయండి. అసలు సర్టిఫికెట్లు, అసలు ఆధార్ కార్డు మా దగ్గర ఉంచుకోము, డిపాజిట్ అడగము. అదేవిధంగా మా గురించి తెలుసుకోవడం మీ హక్కు. పగటి ఆయమ్మతో మేము లేనప్పుడు మాట్లాడుకోండి, జీతం వేళకు ఇస్తున్నామో లేదో ఆమెనే అడగండి.

రెఫరెన్సులు చూసిన తర్వాత మూడు రాత్రులు చూసుకుందాం. ఆ మూడు రాత్రులకు కుదిరినా కుదరకపోయినా రాత్రికి 600 రూపాయలు మరుసటి ఉదయమే చేతికి ఇస్తాము. మొదటి రాత్రి నా భార్య మీతోపాటు గదిలో ఉండి పక్క మార్చే పద్ధతి, నీళ్లు ఇచ్చే పద్ధతి చూపిస్తుంది.

ఈ సందేశం వచ్చిన నంబరుకే సాయంత్రం 5 నుంచి 8 గంటల మధ్య ఫోన్ చేయండి. చదవడం, రాయడం అంతగా రాకపోయినా అంకెలు రాయగలిగితే చాలు. మీకు వీలు కాకపోతే, మీరు స్వయంగా పని చూసి నమ్మకంగా చెప్పగలిగిన వారికి మాత్రమే దీనిని పంపించండి. వచ్చే నెల 1వ తేదీ నుంచి డ్యూటీలో చేరవలసి ఉంటుంది.

ఇట్లు,
అమ్మ తరఫున పెద్ద కొడుకు,
నయీంనగర్, హనుమకొండ