మే నెల పాల సేకరణ: నాలుగు వారాల డెక్‌లు కలిపి చూస్తే

రీజనల్ మేనేజర్ గారికి, జూన్ 4 మీటింగ్ కోసం
పరిధి: పలమనేరు ప్రాంతం, 14 బల్క్ కూలర్ కేంద్రాలు, ఆవు పాలు
కాలం: 2025 మే 5 నుంచి జూన్ 1 వరకు, సోమవారం నుంచి ఆదివారం లెక్కన నాలుగు వారాలు

సార్, ముందు అసలు మాట చెప్పేస్తాను. రోజువారీ సేకరణ నెలలో 41,200 లీటర్ల నుంచి 38,740కి పడింది. అంటే 2,460 లీటర్లు, సుమారు 6 శాతం. ప్రతి సోమవారం మనం దీన్ని "ఎండల ప్రభావం" అనుకుని వదిలేశాం. కానీ ఆ 2,460లో 1,200 లీటర్లు ఒక్క 9వ నెంబరు కేంద్రానివే. మిగతా 13 కేంద్రాల తగ్గుదల అంతా కలిపితే 1,260. ఎండ వల్ల ఎంత పోయిందో, ఒక కంప్రెసర్ వల్ల దాదాపు అంతే పోయింది.

రోజుకు సగటు లీటర్లు:

| | 5–11 మే | 12–18 మే | 19–25 మే | 26 మే–1 జూన్ |
|---|---|---|---|---|
| మొత్తం సేకరణ | 41,200 | 39,600 | 38,090 | 38,740 |
| 9వ కేంద్రం రైతుల పాలు | 2,100 | 2,000 | 1,150 | 900 |
| మిగతా 13 కేంద్రాలు | 39,100 | 37,600 | 36,940 | 37,840 |
| డెక్‌లో చూపిన కేంద్రం సగటు | 2,943 | 2,829 | 2,930 | 2,980 |

చివరి వరుస చూడండి. మూడో వారం నుంచి బాణం పైకి తిరిగింది, ఆ స్లైడ్ మీద ఆకుపచ్చ రంగు కూడా వేశాం. నిజానికి ఆ వారం పాలు 1,510 లీటర్లు తగ్గాయి. 9వ కేంద్రం ఆగిపోవడంతో లెక్కలోంచి తీసేసి 14కి బదులు 13తో భాగించాం. అక్కడి రైతులు 8వ కేంద్రంలో పోసిన పాలు మాత్రం మొత్తంలో ఉన్నాయి. పాలు తగ్గాయి, భాగించే సంఖ్య అంతకంటే ఎక్కువ తగ్గింది, సగటు పెరిగింది. ఆ స్లైడ్ తయారు చేసింది నేనే కాబట్టి వేరే వాళ్లను అనడానికేం లేదు.

9వ కేంద్రం కథ

నాలుగు డెక్‌లలో ఈ కేంద్రం గురించి ఉన్న లైన్లు వరుసగా పెడితే ఇలా ఉంది. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం "కంప్రెసర్‌లో శబ్దం, 21లోగా మెకానిక్ వస్తాడు". 18 రాత్రి మెషీన్ ఆగింది. మూడో వారం "పార్ట్ ఆర్డర్‌లో ఉంది, 27కి రెడీ". నాలుగో వారం "పార్ట్ ఆర్డర్‌లో ఉంది, జూన్ 5కి రెడీ". మూడు వారాల్లో మూడు తేదీలు. ఏ వారానికి ఆ వారం చదివితే, పని నడుస్తోందనే అనిపిస్తుంది.

ఈలోగా రైతులు ఆగలేదు. మొదటి వారం రిజిస్టర్‌లో పాలు పోసినవాళ్లు 118 మంది. చివరి వారం వాళ్లలో 8వ కేంద్రానికి వచ్చినవాళ్లు 52 మంది. దూరం ఆరు కిలోమీటర్లే, కానీ మన ఆటో పొద్దున ఆరున్నరకే ఊరు దాటిపోతుంది. ఒకటి రెండు ఆవులు ఉన్నవాళ్లు అప్పటికి పాలు పితికి రోడ్డు మీదికి రాలేరు. ప్రైవేటు క్యాన్ల బండి ఏడున్నరకు ఇంటి ముందుకే వస్తోంది, వారం వారం చేతికి డబ్బు ఇస్తోంది. రూట్ సూపర్‌వైజర్ ఈ మాట రెండుసార్లు ఫోన్లో చెప్పాడు, డెక్‌లో మాత్రం ఎక్కడా రాలేదు.

దీనికి తోడు మే 1–15 బిల్లు 20న పడాల్సింది 23న పడింది. మూడో వారం డెక్‌లో "ప్రాసెస్‌లో ఉంది", నాలుగో వారంలో "పూర్తి". రెండూ అబద్ధం కాదు, కానీ మూడు రోజుల ఆలస్యం రెండింటిలోనూ కనిపించదు. కేంద్రం మూతపడిన వారమే బిల్లు కూడా ఆలస్యమైతే రైతు ఏమనుకుంటాడో మీకు చెప్పక్కర్లేదు.

పులిసిన పాలు

డెక్‌ల ప్రకారం వారానికి 620, 910, 910, 760 లీటర్లు. రెండు వారాలు అచ్చంగా ఒకే అంకె రావడం చూసి అనుమానం వచ్చి డాక్ రిజిస్టర్ తీయించాను. మూడో వారం అసలు లెక్క 1,480. పాత స్లైడ్ కాపీ చేసి, అంకె మార్చడం మర్చిపోయారు. ఆ 1,480లో 840 లీటర్లు 8వ కేంద్రానివే. దాని కూలర్ 3,000 లీటర్లది, సొంత పాలు 2,400 దాకా ఉంటాయి. పక్క ఊరి 1,150 కలిస్తే పొద్దున ట్యాంకర్ వచ్చేదాకా మిగిలినవి క్యాన్లలోనే ఉండాలి, మే నెల ఎండలో. నాలుగో వారం ట్యాంకర్‌ను రెండు ట్రిప్పులు తిప్పాక తగ్గింది. అయితే వస్తున్న పాలే తగ్గాయి కాబట్టి, మెరుగుదల అంతా ట్రిప్పుల గొప్పే అని నేను అనను.

మిగతా 13 కేంద్రాలు

ఇక్కడ పెద్ద కంగారు లేదు. మూడో వారం దాకా పడి, నాలుగో వారం 900 లీటర్లు తిరిగి వచ్చాయి. నైరుతి ఈసారి మే 24నే కేరళను తాకింది, మన దగ్గర కూడా ఆ వారం వాతావరణం చల్లబడింది. పచ్చిమేత అప్పుడే పెరిగేంత టైం లేదు, వేడి తగ్గి ఆవులు మేత సరిగా తింటున్నాయంతే. వెన్న శాతం 3.9 నుంచి 3.7కి దిగి మళ్లీ 3.8, ఎస్ఎన్ఎఫ్ 8.3, 8.2, 8.2, 8.3. ఒక్క వారం పెరిగితే ట్రెండ్ మారిందని చెప్పలేం, జూన్ మొదటి రెండు వారాలు చూడాలి.

జనరేటర్ ఖర్చు ఈ పట్టికలో పెట్టలేదు. మొదటి రెండు డెక్‌లలో గంటలు, తర్వాతి రెండింటిలో డీజిల్ లీటర్లు ఉన్నాయి. కేంద్రాల్లో జనరేటర్లు ఒకే సైజువి కావు, కాబట్టి ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చి గీత గీస్తే అది నా ఊహ అవుతుంది.

మీటింగ్‌లో తేలాల్సినవి

జూన్ 5 తేదీని నమ్మి కూర్చోకుండా, 9వ కేంద్రానికి అద్దెకో, వేరే రూట్ నుంచో 2,000 లీటర్ల కూలర్ ఇప్పించాలి. ఇది మీ సంతకంతోనే అవుతుంది. అది కుదిరేదాకా ఆటో టైం ఏడుంబావుకు మార్చడానికి రూట్ సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు. దానివల్ల 8వ కేంద్రం ట్యాంకర్ అరగంట ఆలస్యంగా బయల్దేరుతుంది, ప్లాంట్ వాళ్లతో ముందే మాట్లాడాలి. మానేసిన 66 మంది పేర్లు ఊరివారీగా తీసి పెట్టాను. 16–31 బిల్లు వాళ్లకు కూడా రావాలి, అది గడువు 5 దాటకుండా పడితే, అదే రోజు ఇళ్లకు వెళ్లి అడగొచ్చు.

జూన్ 9 డెక్ నుంచి మొత్తం లీటర్లు, కేంద్రాల సంఖ్య పక్కపక్కనే వేస్తాను. రిపేరు తేదీ మారితే పాత తేదీని కొట్టేసి కొత్తది పక్కన రాస్తాను, చెరిపేయను.

– సేకరణ విభాగం, ఫీల్డ్ ఆఫీసర్